కువైట్ డబ్బు: ఒక పద్దు పుస్తకం చెప్పిన చరిత్ర

వలసను గురించి మన సాహిత్యంలో కథలకు కొదవ లేదు. ఎడారిలో అలమటించే మనిషి కన్నీరు ఒక రకం కథ. సెంటు సీసాలతో, టేప్‌రికార్డరుతో తిరిగొచ్చి ఊళ్ళో దర్పం వెలగబెట్టే మనిషి రెండో రకం కథ. మొదటిదానిలో జాలి ఉంది, రెండోదానిలో ఎగతాళి ఉంది. అక్కడినుంచి వచ్చిన డబ్బు ఇంట్లోకి ఎలా వచ్చింది, ఎవరి చేతికి పోయింది, చివరికి ఎంత మిగిలింది అనే లెక్క మాత్రం రెండింటిలోనూ లేదు. చరిత్ర రాయదలచినవాడికి కావలసింది ఆ లెక్కే. నాకది ఒక పాత నోటుపుస్తకంలో దొరికింది.

దర్శి ప్రాంతం వలసకు కొత్తది కాదు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు దర్శి, పొదిలి, కనిగిరి నెల్లూరు జిల్లానుంచి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లానుంచి వచ్చి ఇందులో చేరాయి. 1972లో దీనికి ప్రకాశం అని పేరు పెట్టారు. ఏ జిల్లానుంచి వచ్చినా పడమటి తాలూకాలు ఆకాశంకేసి చూసే భూములే. దర్శి వైపు నాగార్జునసాగర్ కుడికాలువ వచ్చినా మనది కాలువ చివరి భాగం. పై ఊళ్ళు తడిసిన తర్వాత మిగిలినవే మన నీళ్ళు. కంది, మిర్చి పోయిన ఏడాది కూలీలు గుంటూరు వైపో హైదరాబాదుకో మూట కట్టడం ఇక్కడ తరతరాల సంగతి. ఆ దారిలో కొందరికి కువైట్ కూడా ఒక మజిలీ అయింది.

మా బడిలో చదివిన ఒక అమ్మాయి తల్లి 2017లో ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. పిల్లలిద్దరూ అమ్మమ్మ దగ్గర పెరిగారు. ఆ అమ్మమ్మకు చదువు రాదు. వచ్చిన ప్రతి రూపాయినీ మనవరాలి చేత నోటుపుస్తకంలో రాయించేది. ఆ పిల్ల తెలుగు వ్యాసం రాసుకొచ్చిన పుస్తకం వెనకపేజీల్లో నేనా అంకెలు చూశాను. తర్వాత ఇంటికి వెళ్ళి, అడిగి, కూర్చుని చదివాను. పేర్లు చెప్పను. అంకెలను గుండ్రం చేసి చెబుతున్నాను. లెక్క నడిచిన తీరు మాత్రం ఆ పుస్తకంలోదే.

మొదటి పేజీలో రాబడి లేదు, అప్పు ఉంది. పంపించిన మధ్యవర్తికి, టిక్కెట్టుకు, వైద్య పరీక్షకు కలిపి లక్ష రూపాయలు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి నోటు రాయించి తెచ్చారు. చట్టం ప్రకారం ఇలా జరగకూడదు. 1983 వలసల చట్టం కింద లైసెన్సు లేనివాడు మనిషిని పంపకూడదు. 2016 నుంచి ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని నియమం కూడా వచ్చింది. కానీ ఊరి మనిషికి తెలిసింది ఊళ్ళోకి వచ్చే మధ్యవర్తే. వాడు కట్టించుకున్న డబ్బుకు రసీదు ఉండదు. రసీదు లేని ఆ లక్షతోనే ఈ కథంతా మొదలవుతుంది.

ఆమె జీతం నెలకు ఎనభై దినార్లు. 2016లో కువైట్ ప్రభుత్వం ఇంటిపనివాళ్ళకు నిర్ణయించిన కనీస వేతనం అరవై దినార్లే కనుక ఇది తక్కువ జీతం కాదు. తన ఖర్చుకు పది ఉంచుకుని డెబ్బై పంపేది. అప్పట్లో దినారు 215 రూపాయలకు అటూ ఇటూగా ఉంది కనుక ఇంటికి నెలకు పదిహేను వేలు వచ్చేవి. మొదటి మూడు నెలలు మాత్రం ఏమీ రాలేదు. ఆ మూడు నెలల వడ్డీ తొమ్మిది వేలు పేరుకుంది.

నాలుగో నెలనుంచి పదిహేను వేలలో అయిదు వేలు ఇంటికి, పది వేలు అప్పుకు. వడ్డీవ్యాపారి ముందు వడ్డీ చెల్లు పెట్టుకుని, మిగిలింది అసలుకు జమ చేస్తాడు. నాలుగో నెల కట్టిన పదివేలూ వడ్డీకే పోయాయి. అయినా పాత వడ్డీ రెండు వేలు మిగిలింది. అయిదో నెల అసలులో తగ్గింది అయిదు వేలు మాత్రమే. ఆ తర్వాత నెలనెలా కాస్త ఎక్కువగా తగ్గుతూ, పదహారో నెల చివరికి మూడు వేల నాలుగొందల చిల్లర మిగిలి, పదిహేడో నెలలో నోటు చింపారు. లక్షకు కట్టింది లక్షా ముప్ఫైమూడు వేల పైచిలుకు.

ఒప్పందం రెండేళ్ళది. అంటే ఇరవైనాలుగు నెలల్లో పదిహేడు నెలల కష్టం అప్పుకిందే పోయింది. మిగిలిన ఏడు నెలల్లో అప్పులేకుండా ఇంట్లో నిలిచినది డెబ్బై వేల రూపాయలు. నేను ఆ కాలమ్ మీద వేలు పెట్టి చూస్తుంటే అమ్మమ్మ అంది: “ఆ పక్క గీత అంతా మాది గాదు సార్, వాళ్ళది. మాది ఈ చివర్న ఉంది సూడండి.”

ఒక మనిషి రెండోసారి, మూడోసారి ఎందుకు వెళుతుందో ఈ లెక్క చూస్తేనే అర్థమవుతుంది. ఆశ ఎక్కువై వెళ్ళిందని మనం అనుకుంటాం. మొదటి ఒప్పందంలో ఆమె అప్పు తీర్చగలిగింది, అంతే. ఏ ఇల్లు కోసం వెళ్ళిందో ఆ ఇల్లు రెండో ఒప్పందంలోగాని మొదలు కాదు. ఈ ఇంట్లోనూ అదే జరిగింది. 2019 తర్వాత రేకుల ఇంటి మీద శ్లాబు పడింది. దాని తర్వాత పెద్దపిల్ల మెడలోకి రెండు సవర్ల గొలుసు. దాని తర్వాత కాలేజీ ఫీజు. చివరిగా అరెకరం చేలో బోరు. బోరులో నీళ్ళు పడలేదు. పుస్తకంలో ఆ ఖర్చు పక్కన మనవరాలు ఏమీ రాయలేదు, గీత మాత్రం కొట్టింది.

ఈ నాలుగు ఖర్చుల్లో ఉత్పత్తికి పెట్టినది బోరు ఒక్కటే. పోయిందీ అదే. దీనిని చూసి, వలస డబ్బును జనం వృథా చేస్తారు, పెట్టుబడిగా మలచరు అని తీర్పు చెప్పే ఆర్థికవేత్తలున్నారు. వర్షాధారపు నేలలో, నూటికి మూడు రూపాయల వడ్డీ మధ్య, ఆమె పెట్టుబడి పెట్టదగిన చోటేదో వారు చూపించాలి. గోడలు కూలవు, బంగారం కుదువకు పనికొస్తుంది, చదువు ఉద్యోగం తెస్తుందేమో. ఉన్న పరిస్థితుల్లో ఆ కుటుంబం చేసిన లెక్క తప్పు కాదు. తప్పు నేలకింది నీళ్ళ దగ్గర, అప్పు దొరికే తీరు దగ్గర ఉంది.

2016-17కు రిజర్వు బ్యాంకు బ్యాంకుల ద్వారా జరిపిన సర్వేలో, విదేశాలనుంచి వచ్చిన డబ్బులో దాదాపు 59 శాతం కుటుంబ పోషణకు, 20 శాతం బ్యాంకు డిపాజిట్లకు, 8 శాతం చిల్లర భూమి, ఇళ్ళు, షేర్లకు పోతున్నట్టు తేలింది. అంకె విలువైనదే. కానీ బ్యాంకు చూపు బ్యాంకు కిటికీ దగ్గర ఆగిపోతుంది. కిటికీ దాటిన పదివేలు అదే సాయంత్రం వడ్డీవ్యాపారి ఇంటికి చేరడం దానికి కనపడదు. బహుశా అదికూడా ‘కుటుంబ పోషణ’ కిందే లెక్కకు వచ్చివుంటుంది. కేరళలో 1998నుంచి తిరువనంతపురంలోని అభివృద్ధి అధ్యయన కేంద్రం ఇంటింటికీ వెళ్ళి వలసల సర్వేలు చేసింది. ఇంటి గడప లోపలి లెక్క అలా వెళితేనే దొరుకుతుంది.

ఇక ఇంటినుంచి దేశానికి వద్దాం. ఆ డెబ్బై దినార్లు దర్శికి రావు. కువైట్‌లోని ఎక్స్‌ఛేంజి కంపెనీ దినార్లు తీసుకుంటుంది. ఇక్కడి బ్యాంకు ఆమె తల్లి ఖాతాలో రూపాయలు వేస్తుంది. విదేశీ ద్రవ్యం దేశపు ఖాతాకు చేరి, పెట్రోలుకూ యంత్రాలకూ చెల్లింపవుతుంది. ఇంటికి రూపాయి, దేశానికి డాలరు. ఒకే కష్టానికి రెండు ఫలితాలు. రెండో ఫలితం విలువ ఎంతో అది ఆగినప్పుడు తెలిసింది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. కువైట్ దినారును ఇరాక్ దినారుతో సమానం చేసి, తర్వాత చెలామణీలోంచే తీసేశారు. దాచుకున్న జీతం చేతిలో ఉండగానే కాగితమైపోయింది. లక్షమందికి పైగా భారతీయులను జోర్డాన్‌లోని అమ్మాన్‌నుంచి విమానాల్లో చేరవేశారు. వాళ్ళు పంపే డబ్బు ఆగింది. అదే సమయంలో చమురు ధర పెరిగింది. అప్పటికే అప్పుల్లో ఉన్న దేశపు ఖజానా ఈ రెండు దెబ్బలతో ఖాళీ అయి, 1991 జులైలో రిజర్వు బ్యాంకు 47 టన్నుల బంగారాన్ని ఇంగ్లండు బ్యాంకు దగ్గర తాకట్టు పెట్టింది. సంక్షోభానికి కారణాలు ఇంకా ఉన్నాయి. లోటు బడ్జెట్లు, స్వల్పకాలిక అప్పులు వాటిలో పెద్దవి. అయినా పనిమనుషుల జీతం, దేశం పరపతి ఒకే తాడుకు కట్టి ఉన్నాయని ఆ ఏడాది రుజువయింది.

అదే జులైలో రూపాయి విలువ తగ్గించారు. దినారు పంపే ఇంటికి దాంతో రూపాయలు ఎక్కువ వచ్చాయి. ఆ ఇంటి పక్కనే రూపాయి కూలి తెచ్చుకునే ఇంటికి ధరలు మాత్రమే పెరిగాయి. ఊళ్ళో రెండు ఇళ్ళ మధ్య దూరం ఢిల్లీలో తీసుకున్న ఒక నిర్ణయంతో పెరిగిన సందర్భమిది. 1993లో మారకపు రేటు మార్కెట్టుకు వదిలే దాకా అధికారిక రేటు కంటే చాటుమాటు రేటు ఎక్కువగా ఉండడంవల్ల చాలామంది హవాలా మనిషి చేతికే డబ్బిచ్చేవారు. అక్కడ దినార్లు తీసుకుంటే, ఇక్కడ ఎవరో రూపాయలు తెచ్చి ఇంట్లో ఇచ్చేవారు. ఇంటికి నాలుగు రూపాయలు లాభం. దేశానికి ఆ విదేశీ ద్రవ్యం రానే రాదు. అందులో ఎంతో భాగం దొంగ బంగారానికి పోయింది.

బంగారం దగ్గరే ఈ లెక్క వలయం పూర్తవుతుంది. దేశంలో తవ్వితీసే బంగారం నామమాత్రం. కొనేదంతా డాలర్లిచ్చి తెచ్చుకున్నదే. 2023-24లో మన బంగారం దిగుమతులు దాదాపు 4,550 కోట్ల డాలర్లు. కువైట్‌లో ఆ తల్లి సంపాదించిన డాలరు, కూతురి మెడలో గొలుసైనప్పుడు, తిరిగి విదేశానికే పోయింది. శ్లాబుకు కొన్న సిమెంటు, ఇనుము డబ్బు ఊరు దాటింది, కాని దేశంలో ఉంది. మేస్త్రీ కూలి ఒక్కటే దర్శిలో మరో ఇంటి పొయ్యిమీదికి చేరింది. వలస డబ్బు ఊరిని బాగుచేసిందా అని అడిగినప్పుడు, ఎంత వచ్చిందన్నది కాదు, ఎన్ని చేతులు మారేదాకా ఊళ్ళో నిలిచిందన్నది చూడాలి.

ఆ పుస్తకంలో ఎక్కడా లేని పద్దు ఒకటుంది. అయిదేళ్ళు ఇద్దరు పిల్లలకు వండిపెట్టి, జ్వరాలకు కాచి, బడికి పంపిన అమ్మమ్మ కష్టం. అది లేకపోతే కువైట్ జీతం లేదు. తల్లి అక్కడ పరాయి పిల్లల్ని పెంచితే వచ్చిన కూలి, అమ్మమ్మ ఇక్కడ సొంత పిల్లల్ని పెంచితే రాని కూలి, ఈ రెండూ కలిస్తేనే ఆ నెలకు పదిహేను వేలు. ఏ సర్వేలోనూ రెండోదానికి గడి లేదు.

సాహిత్య విద్యార్థులను నేను కోరేది ఒకటే. మీ ఊళ్ళోనూ ఇలాంటి నోటుపుస్తకాలు, బ్యాంకు పాసుపుస్తకాలు, చింపకుండా మిగిలిన ప్రామిసరీ నోట్లు ఉన్నాయి. వాటిని అడిగి చదవండి, తేదీలతో రాసుకోండి. కథ తర్వాత రాయవచ్చు. మా అమ్మాయి పుస్తకం కూడా నేను అడిగి తీసుకోకపోతే కిందటి వేసవిలో పాతకాగితాల కిందకు పోయేది. తూకానికి అర్ధకిలో కూడా లేదది.