రాయలసీమ ఎండల్లో మూత్రవర్ధకాల మోతాదు: గుండె వైఫల్యంలో థయాజైడ్ చేర్పుపై ఒక పరిశీలన

గుండె వైఫల్యంలో ఒంటికి పట్టిన నీటిని దించే మందుల్లో ఫ్యూరోసెమైడ్, టోర్సెమైడ్ వంటి లూప్ మూత్రవర్ధకాలదే మొదటి స్థానం. మూత్రపిండం వడపోసిన సోడియంలో సుమారు పాతిక శాతం హెన్లీ లూప్ పైకెక్కే భాగంలో తిరిగి రక్తంలో చేరుతుంది. ఈ మందులు దాన్ని అక్కడే అడ్డుకుంటాయి. థయాజైడ్లు పనిచేసే తర్వాతి నాళికలో అడ్డుకోగలిగింది 5 నుంచి 8 శాతమే. అందువల్ల ఏది ముందన్నది వివాదం కాదు. లూప్ మందు చాలనప్పుడు థయాజైడ్‌ను ఎలా చేర్చాలన్నదే అసలు ప్రశ్న. కర్నూలు, కడప వంటి ఎండ ప్రాంతాల్లో దాన్ని రోజువారీ మాత్రగా రాయకూడదని, ఆపే తేదీ, రక్తపరీక్ష తేదీ రెండూ వేసి రాయాలని నా వాదన.

లూప్ మందు నెలల తరబడి వాడితే పైన తప్పించుకున్న సోడియాన్ని పట్టుకోవడానికి కింది నాళిక బలిసిపోతుంది. మెటోలాజోన్ వంటి థయాజైడ్ తరహా మందు సరిగ్గా ఆ చోటునే మూస్తుంది కాబట్టి చిన్న మోతాదుకే మూత్రం జోరుగా వస్తుంది. చిక్కూ అక్కడే. అంత సోడియం చివరి నాళాల దాకా చేరితే అల్డోస్టిరాన్ ప్రభావంతో దాని బదులుగా పొటాషియం మూత్రంలోకి పోతుంది. మెగ్నీషియమూ తగ్గుతుంది, అది సరికాకుండా పొటాషియం ఎంత ఇచ్చినా నిలవదు. 2023లో వెలువడిన క్లోరోటిక్ అధ్యయనంలో 230 మందికి సిర ద్వారా ఇచ్చే ఫ్యూరోసెమైడ్‌కు హైడ్రోక్లోరోథయాజైడ్‌నో, ఉత్తుత్తి మాత్రనో జోడించారు. మూడు రోజుల్లో బరువు థయాజైడ్ జట్టులో 2.3 కిలోలు, రెండో జట్టులో 1.5 కిలోలు తగ్గింది. థయాజైడ్ జట్టులో మూత్రపిండాల పనితీరు దిగజారింది మాత్రం 46.5 శాతం మందిలో. రెండో జట్టులో అది 17.2 శాతమే.

ఒక నమూనా రోగిని ఊహిద్దాం. ఆదోని వైపు వేరుశనగ రైతు, వాపు లేనప్పటి బరువు 58 కిలోలు. రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ 25 మిల్లీగ్రాములు, పొద్దున ఫ్యూరోసెమైడ్ 40 వాడుతున్నాడు. మార్చిలో కాళ్ల వాపు, ఆయాసంతో వచ్చాడు. బరువు 63, క్రియాటినిన్ 1.1, పొటాషియం 4.3. వెంటనే మెటోలాజోన్ రాయడం తొందరపాటే. లూప్ మందు ఒక మోతాదు దాటితేగాని పనిచేయదు, పైగా పేగులకు నీరు పట్టినప్పుడు ఫ్యూరోసెమైడ్ సరిగా ఒంటపట్టదు. కాబట్టి ఒక్కో మోతాదును 80కి పెంచి రెండు పూటలా ఇవ్వాలి. వారంలో 61కి దిగి బరువు అక్కడే ఆగిపోయిందనుకుందాం. అప్పుడు మెటోలాజోన్ 2.5 మిల్లీగ్రాములు, మూడే రోజులు. నాలుగో రోజు బరువు 58.5, పొటాషియం 3.1, క్రియాటినిన్ 1.5. వాపు పోయింది గనుక మెటోలాజోన్ ఆపి, ఫ్యూరోసెమైడ్‌ను పాత మోతాదుకు దించి, కొన్నాళ్లు పొటాషియం సిరప్ ఇస్తాం.

మే నెలకు కథ తిరగబడుతుంది. ఎండలో చేను పని, చెమట. అతని బరువు 56, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. క్రియాటినిన్ 2.0. పొటాషియం ఈసారి 5.7! ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండానికి రక్తం చాలడం లేదు. చివరి నాళాలకు సోడియం అందక పొటాషియం బయటికి పోవడం లేదు. స్పైరోనోలాక్టోన్, రామిప్రిల్ దాన్ని మరింత నిలిపేస్తున్నాయి. మార్చి చీటీ చూసి సిరప్ కొనసాగిస్తే గుండె లయకే ప్రమాదం. సిరప్, స్పైరోనోలాక్టోన్, రామిప్రిల్ నిలిపి, ఇసిజి తీసి, ఫ్యూరోసెమైడ్ కూడా ఆపి, నీటి లోటు తీర్చి, రెండు రోజుల్లో మళ్లీ పరీక్షించాలి. ఆ తర్వాత తక్కువ మోతాదుతో ఒక్కొక్కటే తిరిగి మొదలుపెట్టవచ్చు. అప్పటికి రోజువారీ మెటోలాజోన్ కూడా ఉండి, దాహానికి బిందెడు మంచినీళ్లే తాగుతుంటే రక్తంలో సోడియం సైతం పడిపోయేది.

క్రియాటినిన్ పెరిగితే మార్చిలోనే మూత్రవర్ధకం ఆపాల్సిందని కొందరంటారు. 308 మందిపై జరిగి 2011లో వెలువడిన డోస్ అధ్యయనం దీన్ని సమర్థించదు: ఎక్కువ మోతాదు తీసుకున్నవారిలో క్రియాటినిన్ తాత్కాలికంగా పెరిగినా, 60 రోజులకు తేడా మిగల్లేదు. అంకెను బరువుతో కలిపి చదవాలి. వాపు ఉండగా కొద్దిగా పెరిగితే మందు సాగాలి. బరువు వాపు లేనప్పటి అంకె కన్నా కిందికి జారి క్రియాటినిన్ పెరిగితే మందు తగ్గాలి.

రెండో అభ్యంతరం బలమైనది. పత్తికొండ నుంచి కర్నూలు పెద్దాసుపత్రికో, జమ్మలమడుగు నుంచి కడప రిమ్స్‌కో మాటిమాటికీ వచ్చే స్తోమత రోగికి ఉండదు. ఊళ్లోనే రోజూ రెండు మాత్రలు మింగితే సులువు కదా అంటారు. కానీ పరీక్ష అందని చోట పొటాషియాన్ని అటూ ఇటూ ఊపే మందును తేదీ లేకుండా వదలడం ఇంకా పెద్ద తప్పు. ఊళ్లో అందేది బరువు చూసే యంత్రం. పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు చూసుకోవాలి. ఈ రైతు చీటీ మీద ఇలా రాయవచ్చు: మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఫ్యూరోసెమైడ్ మూడు రోజులు రెండింతలు; బరువు 57 కన్నా తగ్గినా, వాంతులు విరేచనాలు పట్టినా ఆ రోజు ఫ్యూరోసెమైడ్, స్పైరోనోలాక్టోన్ రెండూ మానేసి డాక్టరుకు ఫోన్ చేయాలి, మెటోలాజోన్ డాక్టరు చెప్పకుండా మళ్లీ కొనకూడదు.