ముల్లు వంశానిది, రుచి నీటిది

చెరువు చేప చరిత్రలో 1957 జూలై 10 గుర్తుంచుకోవాల్సిన రోజు. శీలావతి, బొచ్చె, ఎర్రమోసు పుట్టుకతో నది చేపలు. చెరువులో ఎంత ఏపుగా పెరిగినా నిలవ నీటిలో గుడ్లు పెట్టవు, వాటికి వానాకాలపు వరద కావాలి. అందుకే పెంపకందారులు నదుల్లో వల కట్టి పిల్లల్ని పట్టుకొచ్చేవారు. వాటితోపాటు పిల్లల్ని మింగే చేపలూ చెరువులోకి చేరేవి. ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలీకున్హి అనే శాస్త్రవేత్తలు ఆ రోజున ఈ చిక్కు విప్పారు. వేరే చేప తలలోంచి పీయూష గ్రంథి తీసి, నూరి, ఆ రసాన్ని తల్లి చేపకు సూదితో ఎక్కిస్తే వరద లేకుండానే గుడ్లు పెట్టింది.

దాంతో చేపపిల్ల కోసం నది మీద ఆధారపడక్కర్లేకపోయింది. తర్వాతి దశాబ్దాల్లో కొల్లేరు చుట్టుపక్కల వరి పొలాలు చేపల చెరువులయ్యాయి. ఇక్కడి రైతులు ప్రధానంగా శీలావతినే ఎంచుకుని, కొంత బొచ్చెను కలిపి పెంచారు. నూనె తీసిన తవుడును చిల్లులున్న సంచుల్లో నింపి చెరువులో కర్రలకు వేలాడదీస్తే, చేపలు వచ్చి చిల్లుల దగ్గర పొడుచుకు తింటాయి. పట్టిన చేప ఐసు పెట్టెల్లో లారీలెక్కి హౌరాకూ అస్సాంకూ వెళ్తుంది.

పెంపకం వల్ల మారేది రుచే. ఏట్లో ఈది, దొరికింది తిని పెరిగిన శీలావతి కండ గట్టిగా ఉంటుంది. చెరువులో తవుడు తిన్నది త్వరగా కొవ్వెక్కుతుంది, కండ కాస్త మెత్తబడుతుంది. నీటిలో నాచు ముదిరితే కొన్ని సూక్ష్మజీవులు జియోస్మిన్ అనే పదార్థాన్ని విడుస్తాయి. అది మొప్పల గుండా లోపలికి వెళ్లి కొవ్వులో నిలుస్తుంది. మనం మట్టివాసన అనేది దాన్నే. పట్టిన చేపను కొన్నాళ్లు శుభ్రమైన పారేనీటిలో మేత లేకుండా ఉంచితే అది తగ్గుతుంది. చింతపండు పులుపుకూ జియోస్మిన్ విరుగుతుంది కాబట్టి చెరువు చేపకు పులుసు బాగా నప్పుతుంది. సముద్రపు చేప సంగతి వేరు. చుట్టూ ఉన్న ఉప్పును తట్టుకోవడానికి అది కండలో అమైనో ఆమ్లాలు నిలవ చేసుకుంటుంది. దాని తియ్యదనంలో వాటి పాలు ఎక్కువ. నీచు వాసన మాత్రం చేప చచ్చాక, నిలవ ఉన్నకొద్దీ పెరుగుతుంది.

ముల్లు కథ పెంపకానికి సంబంధించింది కాదు. ఏటి శీలావతికైనా చెరువు శీలావతికైనా వెన్నెముకకు అంటుకోకుండా, కండ పొరల మధ్య పంగలకర్రలా చీలిన సన్నటి ముళ్లుంటాయి. వంజరం, చందువలకు ఈ బాధ చాలా తక్కువ. అలాగని సముద్రపు చేపకు ముళ్లుండవనీ అనలేం. కడలి నుంచి గోదావరికి ఎదురీదే పులస నిండా ముళ్లే. మంచినీటి కొర్రమీనుకేమో నడిముల్లు తీస్తే దాదాపు అంతా కండే. ముల్లును నిర్ణయించేది చేప వంశం, అది ఈదే నీరు కాదు.

చేప పెరిగితే ముళ్ల సంఖ్య తగ్గదు, అవి లావవుతాయి. అందుకే రెండు కిలోల శీలావతిలో ముల్లు చేతికి దొరుకుతుంది, అరకిలోదానిలో గొంతులో దిగుతుంది. పిల్లలకు పెట్టేటప్పుడు పొట్ట ముక్క తీసుకోండి. అక్కడ ఉండేవి తేలిగ్గా ఊడివచ్చే పక్కటెముకలే. చీలిన ముళ్లు వీపు ముక్కల్లో, తోక ముక్కల్లో ఉంటాయి.