ఆకుపచ్చ చుక్క ఉంటే వీగన్ అయినట్టేనా? ప్యాకెట్ వెనక లేబుల్ చదవడం ఎలా

సూపర్ మార్కెట్లో ప్యాకెట్ చేతిలోకి తీసుకోగానే చాలామంది కళ్లు ముందు ఆకుపచ్చ చుక్కను వెతుకుతాయి. చుక్క ఉంటే శాకాహారం, బుట్టలో వేసుకోవచ్చు. కానీ పాలు, తేనె సహా జంతువుల నుంచి వచ్చేవేవీ తినని వీగన్లకు ఆ చుక్క ఒక్కటే సరిపోదు. అది కొన్ని జంతు పదార్థాలను ఆపుతుంది, కొన్నింటిని వదిలేస్తుంది. ఏవి ఆపుతుందో, ఏవి వదిలేస్తుందో తెలిస్తే లేబుల్ చదవడం పెద్ద కష్టమేమీ కాదు.

చట్టం ఏం చెబుతోంది?

మన దేశంలో ఆహార లేబుళ్ల నిబంధనలను ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రూపొందిస్తుంది. 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం జంతువులు, పక్షులు, పురుగులు, చేపలు, గుడ్లు, లేదా జంతువుల నుంచి వచ్చే ఏ పదార్థమైనా కలిస్తే అది మాంసాహారమే. దాని మీద గోధుమ రంగు త్రికోణం ఉండాలి. అంతకుముందు త్రికోణం బదులు గోధుమ రంగు చుక్క ఉండేది.

అయితే ఆ నిర్వచనంలోనే కొన్ని మినహాయింపులున్నాయి. పాలు, పాల ఉత్పత్తులు, తేనె, తేనెమైనం, షెల్లాక్ కలిసినంత మాత్రాన ఆహారం మాంసాహారం కింద లెక్కకు రాదు. అంటే ఇవన్నీ ఉన్నా ఆకుపచ్చ చుక్క వేయవచ్చు. అందులో తప్పేమీ లేదు, ఎందుకంటే ఆ చుక్క చెప్పేది శాకాహారమని మాత్రమే. వీగన్ అని కాదు.

చుక్క ఆపేవి: జెలటిన్, కార్మైన్

జెలటిన్‌ను పంది చర్మం, పశువుల తోలు, ఎముకలను ఉడికించి తీస్తారు. చేపల నుంచి కూడా తీస్తారు. మార్ష్‌మాలోలు, సాగే గమ్మీ మిఠాయిలు, కొన్ని జెల్లీలకు ఆ మెత్తదనం దీనివల్లే వస్తుంది. జెలటిన్ ఉన్న ఆహారం మీద ఆకుపచ్చ చుక్క వేయడానికి వీల్లేదు. అదే గమ్మీ మీద ఆకుపచ్చ చుక్క ఉంటే పదార్థాల జాబితాలో సాధారణంగా పెక్టిన్ అనో, అగర్ అనో, క్యారజీనన్ అనో కనిపిస్తుంది. పెక్టిన్ పండ్ల నుంచి, మిగతా రెండూ సముద్రపు నాచు నుంచి వస్తాయి. మన ఇళ్లల్లో చైనా గ్రాస్ అనేది ఈ అగర్‌నే.

కార్మైన్ ఎర్ర రంగు. నాగజెముడు జాతి మొక్కల మీద బతికే కోచినీల్ అనే పురుగులను ఎండబెట్టి, వాటి నుంచి తీస్తారు. దక్షిణ అమెరికాలోని పెరూ దీనికి ప్రధాన ఉత్పత్తిదారు. లేబుల్ మీద ఇది కార్మైన్, కోచినీల్, కార్మినిక్ యాసిడ్, ఐఎన్ఎస్ 120, ఈ 120 అనే పేర్లలో ఏదో ఒకదానితో కనిపిస్తుంది.

కొనేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మన మిఠాయిల మీద తరచూ కనిపించే కార్మాయిసిన్ వేరు. దాని సంఖ్య ఐఎన్ఎస్ 122, అది పూర్తిగా కృత్రిమ రంగు. ఐఎన్ఎస్ 124ను కొన్ని చోట్ల కోచినీల్ రెడ్ ఎ అంటారు. పేరులో కోచినీల్ ఉన్నా అదీ కృత్రిమమే, పురుగుతో దానికి సంబంధం లేదు. పేరు చూసి అనుమానం వస్తే సంఖ్య చూడండి. 120 అయితేనే పురుగు రంగు.

చుక్క వదిలేసేది: వే

పాలు విరిచి పన్నీరు తీశాక మిగిలే పలచటి నీళ్లే వే. దాన్ని ఎండబెట్టి పొడి చేస్తే వే పౌడర్. ఇది ప్రోటీన్ డబ్బాల్లోనే ఉంటుందనుకుంటాం. కానీ బిస్కెట్లు, బ్రెడ్, చిప్స్ మీద చల్లే మసాలాల్లో కూడా వాడతారు. పాలకు లేబుల్ మీద ఇంకా చాలా పేర్లున్నాయి. మిల్క్ సాలిడ్స్, కేసిన్, సోడియం కేసినేట్, లాక్టోజ్ అన్నీ పాల నుంచి వచ్చినవే. నాన్ డెయిరీ అని రాసిన కాఫీ క్రీమర్‌లోనూ సోడియం కేసినేట్ ఉండవచ్చు.

ఈ పేర్లన్నీ గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. పాలు అలర్జీ కలిగించే పదార్థాల జాబితాలో ఉన్నాయి కాబట్టి, వాటిని విడిగా ప్రకటించాలని నిబంధన ఉంది. పదార్థాల జాబితా కింద ‘కంటెయిన్స్’ అనే మాటతో మొదలయ్యే వాక్యం చూడండి. అక్కడ మిల్క్ అని ఉంటే పై పేర్లలో ఏదో ఒకటి లోపల ఉన్నట్టే.

దాని పక్కనే ‘మే కంటెయిన్ మిల్క్’ అని ఉంటే అర్థం మారుతుంది. పాలు ఇందులో కలపలేదు, కానీ అదే యంత్రం మీద పాలున్న సరుకు కూడా తయారవుతుంది కాబట్టి కొద్దిగా అంటి ఉండవచ్చని అర్థం. వీగన్లలో చాలామంది దీన్ని పట్టించుకోరు. పాల అలర్జీ ఉన్నవారికి మాత్రం ఆ ‘కొద్దిగా’ కూడా ప్రమాదమే.

లాక్ అనే శబ్దం ఉన్నవన్నీ పాలు కావు. లాక్టిక్ యాసిడ్‌ను సాధారణంగా చక్కెరను పులియబెట్టి తయారుచేస్తారు. కోకో బటర్ కోకో గింజల్లోని కొవ్వు.

చుక్క వదిలేసి, అలర్జీ వాక్యమూ పట్టుకోలేనిది: షెల్లాక్

షెల్లాక్ అంటే కొత్త పదార్థమేమీ కాదు, మనకు తెలిసిన లక్కే. భారతంలో లక్క ఇల్లు, హైదరాబాద్ లాడ్ బజార్లో లక్క గాజులు అంటామే, ఆ లక్క. లక్క పురుగులు మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద గుంపులుగా చేరి, ఒంటి చుట్టూ జిగురులాంటి పదార్థాన్ని స్రవిస్తాయి. అది గట్టిపడి కొమ్మకు పెంకులా అంటుకుంటుంది. కొమ్మలు కోసి, ఆ పెంకు గీకి, దంచి, కడిగి, కరిగించి వడకడితే షెల్లాక్ వస్తుంది. ఈ క్రమంలో పెంకులోని పురుగులు చనిపోతాయి. మన దేశంలో లక్క ఉత్పత్తికి జార్ఖండ్ ప్రధాన కేంద్రం.

ఆహారంలో దీన్ని మెరుపు కోసం, తేమ తగలకుండా ఉండటం కోసం పూస్తారు. చాక్లెట్ పూసిన గింజలు, రంగురంగుల మిఠాయి గుండ్లు చేతికి అంటుకోకుండా నిగనిగలాడటానికి చాలాసార్లు కారణం ఇదే. కొన్ని పండ్ల మీదా పూత వేస్తారు. లేబుల్ మీద గ్లేజింగ్ ఏజెంట్ అనే మాట పక్కన ఐఎన్ఎస్ 904 అని ఉంటుంది. దాని పొరుగు సంఖ్యలు కూడా తెలుసుకోవాలి. 901 తేనెమైనం. 903 కార్నాబా మైనం, అది తాటి జాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది కాబట్టి వీగన్లకు ఇబ్బంది లేదు.

షెల్లాక్, తేనె, తేనెమైనం అలర్జీ జాబితాలో లేవు. అందుకే ‘కంటెయిన్స్’ వాక్యం చూసి ఆగిపోతే ఇవి దొరకవు. పదార్థాల జాబితా చివరిదాకా చదవాల్సిందే.

ఒక ప్యాకెట్ చదివి చూద్దాం

డార్క్ చాక్లెట్ పూసిన బాదం ప్యాకెట్ అనుకోండి. ఇది ఏ కంపెనీదీ కాదు, మార్కెట్లో కనిపించే తరహా లేబుల్. ముందు వైపు ఆకుపచ్చ చుక్క. వెనక ఇలా ఉంది: చక్కెర, బాదం, కోకో సాలిడ్స్, కోకో బటర్, ఎమల్సిఫయర్ (ఐఎన్ఎస్ 322), గ్లేజింగ్ ఏజెంట్లు (ఐఎన్ఎస్ 414, 904). కంటెయిన్స్ ఆల్మండ్, సోయా. మే కంటెయిన్ మిల్క్.

చుక్క ఉంది కాబట్టి జెలటిన్, కార్మైన్, గుడ్డు లేవు. ‘కంటెయిన్స్’ వాక్యంలో మిల్క్ లేదు కాబట్టి వే, కేసిన్ కలపలేదు. చాలామంది ఇక్కడితో ఆపేసి కొనేస్తారు. జాబితాలోకి వెళితే 322 అంటే లెసిథిన్, కింద సోయా అని రాశారు కాబట్టి అది సోయా నుంచి వచ్చింది. 414 తుమ్మ జాతి చెట్ల బంక. మిగిలింది 904, అంటే లక్క. డార్క్ చాక్లెట్, బాదం, పాలు కలపలేదు, ఆకుపచ్చ చుక్క, అయినా ఈ ప్యాకెట్ వీగన్ కాదు. ఆ సంగతి చెప్పింది ఒక్క మూడంకెల సంఖ్య.

సంఖ్య కూడా చెప్పలేని సందర్భాలు

కొన్ని సంఖ్యలు పదార్థం పేరే చెబుతాయి గానీ, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పవు. చిప్స్, నూడుల్స్ మసాలాల్లో రుచి పెంచడానికి వాడే ఐఎన్ఎస్ 631 అలాంటిదే. దాన్ని మాంసం, చేపల నుంచి తీయవచ్చు, పిండి పదార్థాలను పులియబెట్టి కూడా తయారుచేయవచ్చు. బేకరీ సరుకుల్లోని ఐఎన్ఎస్ 471 నూనెల నుంచి రావచ్చు, జంతువుల కొవ్వు నుంచీ రావచ్చు.

631ని ఉదాహరణగా ప్రస్తావిస్తూ 2021 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. కోడ్ ఒక్కటే రాస్తే చాలదని, ఆ పదార్థం మొక్కల నుంచి వచ్చిందా, జంతువుల నుంచి వచ్చిందా, ప్రయోగశాలలో తయారైందా అన్నది కూడా వెల్లడించాలని ఆదేశించింది. జంతు పదార్థం ఎంత శాతం ఉందన్నది ముఖ్యం కాదని, ఏ కొంచెం ఉన్నా ఆహారం మాంసాహారమే అవుతుందని స్పష్టం చేసింది. కాబట్టి ఆకుపచ్చ చుక్క ఉన్న ప్యాకెట్‌లో 631 కనిపిస్తే అది మాంసం, చేపల నుంచి వచ్చినది కాకూడదు. చుక్క లేని విదేశీ సరుకులో కనిపిస్తే తయారీదారును అడగడం తప్ప మార్గం లేదు.

లేబుల్‌కు మరో పరిమితి కూడా ఉంది. తయారీలో వాడి, తర్వాత తీసేసే పదార్థాలను జాబితాలో రాయనక్కర్లేదు. పండ్ల రసాన్ని, వైన్‌ను తేటపరచడానికి జెలటిన్ వాడే పద్ధతి ఉంది. అది జాబితా చదివితే తెలియదు.

వి గుర్తు

ఈ ఖాళీని పూరించేది వీగన్ గుర్తే. ఎఫ్ఎస్ఎస్ఏఐ 2022లో వీగన్ ఆహార నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం పదార్థాలే కాదు, రంగులు, రుచులు, ఎంజైములు, తయారీలో వాడి తీసేసేవి కూడా జంతువుల నుంచి వచ్చి ఉండకూడదు. అలాంటి వాటికే చిన్న ఆకు ఉన్న ఆకుపచ్చ ‘వి’ గుర్తు. అయితే వీగన్ గుర్తు అలర్జీ హామీ కాదు. పాల అలర్జీ ఉన్నవారు వి గుర్తు చూశాక కూడా ‘మే కంటెయిన్’ వాక్యం చదవాలి.

అమెరికాలో ఉన్నవారికి

అక్కడ ఆకుపచ్చ చుక్క తప్పనిసరి కాదు కాబట్టి మొదటి వడపోత మీరే చేసుకోవాలి. కార్మైన్‌ను పేరుతో రాయాలన్న నిబంధన 2011 జనవరి నుంచి అమల్లో ఉంది. షెల్లాక్ మాత్రం ‘కన్ఫెక్షనర్స్ గ్లేజ్’ అనే తీయటి పేరుతో ఉంటుంది. పేరు వినడానికి చక్కెర పాకంలా ఉన్నా, అది లక్కే.

చదివే వరుస

వి గుర్తు ఉంటే వెతుకులాట అక్కర్లేదు. లేకపోతే ముందు చుక్క, తర్వాత ‘కంటెయిన్స్’ వాక్యంలో మిల్క్, ఆఖరున జాబితాలో తేనె, 901, 904. ఈ వరుసలో చూస్తే మన దేశంలో అమ్మే చాలా ప్యాకెట్ల సంగతి అరనిమిషంలో తేలిపోతుంది.