చిన్న రేణువుల బలం ఎక్కడ ఆగిపోతుంది? 1951 నుంచి 2017 వరకు సాగిన ఒక చర్చ

వినుకొండలో ఇనుప సామాన్ల కొట్టు ముందు వేలాడే కొత్త జింకుపూత బకెట్టును దగ్గరగా చూడండి. దాని మీద ఆకుల్లాంటి మెరిసే మచ్చలు కనిపిస్తాయి. ఒక్కొక్క మచ్చ ఒక్కొక్క జింకు స్ఫటికం. దాన్నే రేణువు అంటాం. రెండు మచ్చలు కలిసే గీత రేణువుల సరిహద్దు. మామూలు లోహాలన్నీ ఇలా రేణువులతో కూడినవే, కాకపోతే వాటిని చూడటానికి సూక్ష్మదర్శిని కావాలి.

లోహం వంగిందంటే రేణువు లోపల అణువుల పొరలు ఒకదానిపై ఒకటి జారాయన్న మాట. పొర మొత్తం ఒక్కసారిగా జారదు. డిస్‌లొకేషన్ అనే గీతలాంటి లోపం కదులుతూ ఆ జారుడును ముందుకు తీసుకుపోతుంది. అది సరిహద్దు దాకా వచ్చి ఆగుతుంది, ఎందుకంటే అవతలి రేణువులో అణువుల వరసలు వేరే దిశలో ఉంటాయి. వెనక వచ్చినవి దాని వెనకే బారులు తీరుతాయి. బారు ఎంత పొడవైతే ముందున్న దాని మీద అంత ఒత్తిడి. అది సరిపడా పెరిగితే పక్క రేణువులో కూడా జారుడు మొదలవుతుంది. రేణువు చిన్నదైతే పొడవైన బారుకు చోటుండదు. అందుకని పక్క రేణువును కదిలించడానికి బయటి నుంచి ఎక్కువ బలం వేయాల్సి వస్తుంది.

ఈ సంగతిని మెత్తని ఉక్కుపై చేసిన ప్రయోగాలతో 1951లో ఇ.ఓ. హాల్, ఇనుము పగుళ్లపై చేసిన పనిలో 1953లో ఎన్.జె. పెచ్ సూత్రంగా నిలిపారు:

σ = σ₀ + k/√d

ఇక్కడ d రేణువు వ్యాసం. σ₀, k ఆ లోహానికి చెందిన స్థిరాంకాలు. రాగికి σ₀ సుమారు 25 మెగాపాస్కల్‌లు. రేణువు 100 మైక్రాన్లున్నప్పుడు రెండో పదం మరో 11 మెగాపాస్కల్‌లు కలుపుతుంది. రేణువును 1 మైక్రాన్‌కు తగ్గిస్తే ఆ 11 కాస్తా 110 అవుతుంది. 10 నానోమీటర్లకు తగ్గిస్తే 1,100. కాగితం మీద ఈ లెక్కకు అంతం లేదు. కానీ 10 నానోమీటర్ల రేణువులో బారు తీరడానికి డిస్‌లొకేషన్లే ఉండవు. ఒకటీ అరా ఉంటే ఎక్కువ. సూత్రానికి ఆధారమైన చిత్రమే అక్కడ లేకుండా పోతుంది.

ఆ పరిమాణాన్ని చేరే దారి జర్మనీలోని సార్‌బ్రూకెన్‌లో హెర్బర్ట్ గ్లైటర్ బృందానికి దొరికింది. తక్కువ పీడనంలో ఉన్న హీలియం వాయువులో లోహాన్ని ఆవిరి చేసి, ద్రవ నైట్రోజన్‌తో చల్లబరచిన గొట్టంపై పొడిగా పట్టి, దాన్ని గీకి బిళ్లగా నొక్కేవారు. తర్వాతి కాలంలో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్యులైన అతుల్ చోక్షి, గ్లైటర్, మరో ఇద్దరు కలిసి 1989లో ఇలాంటి రాగి, పల్లాడియం బిళ్లల కాఠిన్యాన్ని కొలిచారు. రేణువు చిన్నదయ్యేకొద్దీ కాఠిన్యం పెరగలేదు, తగ్గింది! సరిహద్దుల వెంట అణువులు వ్యాపించడమే కారణమని వారి వివరణ. దీనికే తర్వాత విలోమ హాల్-పెచ్ ధోరణి అని పేరు వచ్చింది.

వెంటనే అనుమానాలు వచ్చాయి, అవి న్యాయమైనవే. నొక్కిన పొడిలో సూక్ష్మరంధ్రాలు మిగులుతాయి; రంధ్రాలున్న బిళ్ల రేణువులతో సంబంధం లేకుండానే మెత్తగా ఉంటుంది. ఒకే బిళ్లను మళ్లీ మళ్లీ వేడిచేసి రేణువులను పెంచుతూ కొలిస్తే మరో చిక్కు: వేడికి రేణువు ఒక్కటే మారదు, సరిహద్దూ మారుతుంది. 1992లో అమెరికా పరిశోధకులు రాగి, పల్లాడియాలపైనే ఈ తేడా చూపారు. వేర్వేరుగా తయారుచేసిన బిళ్లలను పోల్చితే చిన్న రేణువులే గట్టివి. ఒకే బిళ్లను వేడిచేస్తూ పోతే ఫలితం తిరగబడింది. వ్యాపనం వల్ల లోహం ఎంత వేగంగా సాగాలో వేసిన లెక్క కూడా తర్వాతి కొలతలకు అందనంత పెద్దదని తేలింది. నా దృష్టిలో 1989 నాటి కొలతలు ఒక్కటే ఉంటే ఈ ధోరణిని నమ్మడానికి అవి చాలవు.

రంధ్రాలు లేని లోహం కంప్యూటర్‌లో దొరుకుతుంది. డెన్మార్క్‌లో యాకబ్ షియోట్జ్ సహచరులు 1998లోనూ, మళ్లీ 2003లోనూ రాగి అణువుల కదలికలను గణించారు. బలం 10 నుంచి 15 నానోమీటర్ల మధ్య శిఖరానికి చేరి, ఆ కింద తగ్గింది. కారణం వ్యాపనం కాదు, సరిహద్దుల వెంట రేణువులు ఒకదానిపై ఒకటి జారడం. సరిహద్దు మందాన్ని 1 నానోమీటరుగా తీసుకుంటే, 100 నానోమీటర్ల రేణువులున్న లోహంలో సరిహద్దుల వాటా 3 శాతం. 10 నానోమీటర్ల వద్ద అది దాదాపు 30 శాతం. అడ్డుగోడగా ఉన్న సరిహద్దే అక్కడ జారే దారి అవుతుంది. అతిసాగుడు గుణంపై ఏళ్లుగా పనిచేసి, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ బోధించిన కె.ఎ. పద్మనాభన్ 2007లో గ్లైటర్ తదితరులతో కలిసి ఈ జారుడు ఆధారంగానే విలోమ ధోరణిని లెక్కించారు.

అయితే ఆ శిఖరం ప్రతి లోహానికీ స్థిరంగా రాసిపెట్టి ఉన్నదేమీ కాదు. 2017లో చైనాలో కె. లూ బృందం విద్యుత్ లేపనంతో నికెల్-మాలిబ్డినం లోహాలను తయారుచేసింది. ఈ పద్ధతిలో పొడి నొక్కే పని లేదు. తయారైనప్పుడు వాటిలో రేణువు సుమారు 10 నానోమీటర్ల కంటే చిన్నదైతే మెత్తదనం కనిపించింది. తగుమాత్రం వేడిచేయగానే సరిహద్దులు సర్దుకున్నాయి, మాలిబ్డినం అణువులు వాటిలో చేరాయి, రేణువులు పెద్దగా పెరగకుండానే కాఠిన్యం బాగా పెరిగింది. జారకుండా సరిహద్దును కట్టిపడేస్తే మెత్తబడటం ఆగిందన్న మాట. అందుకే ఇలాంటి ప్రయోగ ఫలితం ఎదురైనప్పుడు రేణువు పరిమాణంతో పాటు నమూనా సాంద్రత ఎంత, దాన్ని ఏ ఉష్ణోగ్రతకు వేడిచేశారు, సరిహద్దులో ఏ మూలకం చేరింది అన్నవి కూడా చూడండి.