దశాంశ చక్రం

దశాంశ చక్రం జ్యోతిషంలో వృత్తి, పదవి, కీర్తి విచారణకు వాడే వర్గ చక్రం. బృహత్పరాశర హోరాశాస్త్రం చెప్పిన షోడశవర్గులలో ఇది ఒకటి. 30 డిగ్రీల రాశిని 3 డిగ్రీల చొప్పున పది భాగాలు చేస్తారు. బేసి రాశిలో లెక్క ఆ రాశి నుంచే మొదలవుతుంది. సరి రాశిలో దానికి తొమ్మిదో రాశి నుంచి మొదలవుతుంది.

ఉదాహరణకు, కర్కాటక లగ్నానికి దశమం మేషం, దశమాధిపతి కుజుడు. అతడు కర్కాటకంలో 4 డిగ్రీల వద్ద ఉంటే రాశి చక్రంలో నీచ స్థితి. దాన్నిబట్టి వృత్తిలో ఆటంకాలు చెబుతారు. కర్కాటకం సరి రాశి కాబట్టి లెక్క మీనం నుంచి మొదలై, రెండో భాగం మేషమవుతుంది. అంటే దశాంశలో కుజుడు స్వక్షేత్రంలో ఉన్నాడు. దీంతో తొలి ఫలితాన్ని కొట్టివేయరు. మొదట్లో ఇబ్బందులున్నా తర్వాత జాతకుడు నిలదొక్కుకుంటాడని సవరిస్తారు. దశాంశ లగ్నాన్ని, దానికి దశమాన్ని కూడా చూశాకే నిర్ణయిస్తారు.

దశాంశ లగ్నం సగటున 12 నిమిషాలకోసారి మారుతుంది. అందుకే జనన సమయం ఉజ్జాయింపుగా మాత్రమే తెలిసిన జాతకానికి ఈ చక్రం ఆధారపడదగినది కాదు.