మందుల తరగతులకు జ్ఞాపక సూత్రాలు: బీటా బ్లాకర్ల జాబితా ఆధారంగా

ఫార్మకాలజీలో జ్ఞాపక సూత్రం అంటే, ఒక తరగతికి చెందిన మందుల పేర్లను వాటి తొలి అక్షరాల సాయంతో ఒక వాక్యంలో కూర్చి గుర్తుంచుకునే పద్ధతి. విద్యార్థులు దీన్ని నిమోనిక్ అని పిలుస్తారు. ఎంబీబీఎస్ రెండో ఏట ఈ సబ్జెక్టు చదివేవారికి దీనితో పని ఎక్కువ. పుస్తకాల్లోనూ సీనియర్ల నోట్సులోనూ ఇలాంటివి సిద్ధంగా దొరుకుతాయి. అయితే తరగతిలో అధ్యాపకుడు చెప్పిన జాబితా నుంచి విద్యార్థి స్వయంగా కట్టుకున్న సూత్రానికీ, ఎక్కడి నుంచో తెచ్చుకున్న సూత్రానికీ చాలా తేడా ఉంది. బీటా బ్లాకర్ల విషయంలో ఆ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

మందుల తరగతిని నేర్చుకోవడంలో రెండు పనులున్నాయి. ఒక పేరు వినగానే అది ఏ తరగతిదో పోల్చుకోవడం మొదటిది. తరగతి పేరు చెప్పగానే అందులోని మందులను, వాటి ఉప విభాగాలతో సహా, చూడకుండా చెప్పగలగడం రెండోది. మొదటి పనికి సాధారణంగా జ్ఞాపక సూత్రం అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1953 నుంచి ప్రకటిస్తూ వస్తున్న అంతర్జాతీయ పేర్ల విధానంలో, ఒకే రకంగా పనిచేసే మందులకు ఒకే తోక ఉండేలా చూస్తారు. ‘ప్రిల్’తో ముగిస్తే ఏసీఈ నిరోధకం, ‘సార్టాన్’తో ముగిస్తే యాంజియోటెన్సిన్ గ్రాహకాన్ని అడ్డుకునే మందు, ‘ఓలాల్’తో ముగిస్తే బీటా బ్లాకర్. ఈ తోకలు నేర్చుకున్న విద్యార్థికి పోల్చుకునే పని చాలావరకు తీరిపోతుంది.

కాకపోతే తోకను పూర్తిగా నమ్మడానికి లేదు. స్టానొజోలాల్ కూడా ‘ఓలాల్’తోనే ముగుస్తుంది, కానీ అది అనబాలిక్ స్టిరాయిడ్. లాబెటలాల్‌లో తోక కొద్దిగా మారి ‘అలాల్’ అయింది. అది బీటా గ్రాహకాలతో పాటు ఆల్ఫా గ్రాహకాలనూ అడ్డుకుంటుంది. ‘అలాల్’ అంటే ఆల్ఫా కూడా అని తీర్మానించుకుంటే సోటలాల్ దగ్గర బోల్తా పడక తప్పదు. దానికి ఆల్ఫాతో పని లేదు. బీటా గ్రాహకాలతో పాటు గుండె కణాల్లోని పొటాషియం మార్గాలను అది అడ్డుకుంటుంది. అన్నిటికన్నా పెద్ద లోటు ఏమిటంటే, తరగతి లోపలి తేడాలను తోక చెప్పదు. బీటా బ్లాకర్లలో తెలుసుకోవలసింది సరిగ్గా ఆ తేడాలే.

బీటా-1 గ్రాహకాలు ప్రధానంగా గుండెలో ఉంటాయి. బీటా-2 గ్రాహకాలు శ్వాసనాళాల్లోనూ మరికొన్ని చోట్లా ఉంటాయి. రెండింటినీ అడ్డుకునే మందు నాన్ సెలెక్టివ్. అది ఆస్తమా ఉన్నవారిలో శ్వాసనాళాలు బిగుసుకుపోయేలా చేయగలదు. బీటా-1ను ఎక్కువగా అడ్డుకునేది సెలెక్టివ్ మందు. మూడో గుంపులోని మందులు ఆల్ఫా, బీటా రెండింటినీ అడ్డుకుంటాయి. పరీక్షలోనైనా వార్డులోనైనా అడిగే ప్రశ్న ఒకటే: ఈ మందు ఏ గుంపుది?

దీనికి ఇంగ్లీషులో బాగా చలామణిలో ఉన్న సూత్రం, ఏ నుంచి ఎం దాకా ఉన్న అక్షరాలతో మొదలయ్యేవి సెలెక్టివ్, ఎన్ నుంచి జెడ్ దాకా ఉన్నవి నాన్ సెలెక్టివ్ అని. అటెనోలాల్, మెటోప్రోలాల్, ప్రొప్రనోలాల్ మాత్రమే చదివినవారికి ఇది పనికొస్తుంది. నెబివోలాల్ రాగానే చెడిపోతుంది. అది ఎన్‌తో మొదలైనా సెలెక్టివే. లాబెటలాల్, కార్వెడిలాల్ రెండూ మొదటి సగంలోకే వస్తాయి గానీ సెలెక్టివ్ కావు. ‘ఏ బీమ్’ అనే మరో సూత్రంలో చిక్కు వేరు. అందులోని ‘బి’ బిసోప్రోలాలా, బీటాక్సొలాలా అన్నది సూత్రం చెప్పదు. పైగా దానిలో ఉన్న ఎసిబ్యుటొలాల్ పేరు విద్యార్థి విన్న లెక్చర్లో వచ్చి ఉండకపోవచ్చు, లెక్చర్లో వచ్చిన నెబివోలాల్ దానిలో లేదు. పరాయి సూత్రంతో ప్రధానమైన ఇబ్బంది ఇదే. అది మరొకరి జాబితాకు సరిపడా కట్టినది.

సొంతంగా కట్టుకోవడానికి అనుకూలంగా మనస్తత్వ శాస్త్రంలో ప్రయోగాల బలం ఉంది. 1969లో బోవర్, క్లార్క్ జరిపిన ప్రయోగంలో పాల్గొన్నవారికి పదేసి నామవాచకాల జాబితాలు 12 ఇచ్చారు. ప్రతి జాబితానూ సొంత కథగా అల్లుకున్నవారు చివర్లో సుమారు 93 శాతం మాటలు చెప్పగలిగితే, మామూలుగా వల్లె వేసినవారు 13 శాతమే చెప్పగలిగారు. చదివిన మాటకన్నా, ఆధారం అందుకుని తామే పుట్టించిన మాట ఎక్కువగా గుర్తుంటుందని 1978లో స్లమెకా, గ్రాఫ్ చూపించారు. అయితే ఆ కథల్లోని మాటలు అందరికీ తెలిసిన మామూలు మాటలు. మందు పేరు విద్యార్థికి కొత్త మాట. పేరే సరిగా రానివారికి దాని తొలి అక్షరం ఏమీ గుర్తు చేయదు. కాబట్టి సూత్రం కట్టేముందు జాబితాలోని ప్రతి పేరునూ కొన్నిసార్లు పైకి పలికి, ఇంగ్లీషు స్పెల్లింగుతో రాసి ఉండాలి.

ఒక లెక్చర్లో చెప్పిన మందులు ఇవి అనుకుందాం: నాన్ సెలెక్టివ్ గుంపులో ప్రొప్రనోలాల్, నాడోలాల్, టిమోలాల్, పిండోలాల్, సెలెక్టివ్ గుంపులో అటెనోలాల్, మెటోప్రోలాల్, ఎస్మోలాల్, బిసోప్రోలాల్, నెబివోలాల్, మూడో గుంపులో లాబెటలాల్, కార్వెడిలాల్. మొత్తం 11. వీటిని ఒకే పొడుగాటి వాక్యంలో కూర్చితే ఎక్కడ ఏ గుంపు ముగిసిందో తెలియదు. గుంపుకో వాక్యం కావాలి, ఆ వాక్యంలో గుంపు లక్షణం కూడా ఉండాలి. ఛందస్సు నేర్చుకునేవారికి ‘యమాతారాజభానసలగం’ ఇంత బాగా ఉపయోగపడటానికి కారణం అదే. అది గణాల పేర్లు చెప్పి ఊరుకోదు, ప్రతి గణం గురులఘువుల వరసనూ తనలోనే చూపిస్తుంది.

సెలెక్టివ్ గుంపు తొలి అక్షరాలు అ, మె, ఎ, బి, నె. వీటి నుంచి ‘అమ్మ మెచ్చి ఎంచిన బియ్యం, నెయ్యి’ అనే వాక్యం వస్తుంది. అయిదు మాటలకు అయిదు మందులు. అదనపు మాట ఒక్కటీ లేదు. ‘ఎంచిన’ అన్న మాట ఎస్మోలాల్‌ను గుర్తు చేస్తూనే, ఇది ఎంపిక ఉన్న గుంపు అని కూడా చెబుతుంది. మూడో గుంపుకు ‘లాభం కావాలంటే రెండూ’ సరిపోతుంది. లా, కా మందులకు గుర్తు. ‘రెండూ’ అన్నది ఆల్ఫా, బీటాలకు గుర్తు.

నాన్ సెలెక్టివ్ గుంపు దగ్గర ఒక సాధారణమైన పొరపాటుకు ఆస్కారముంది. ప్రొ, నా, టి, పిం అక్షరాలతో ‘ప్రొద్దున్నే నానమ్మ టీతో పిండివంటలు, ఎంచకుండా అన్నీ’ అని కట్టారనుకుందాం. వినడానికి బాగానే ఉంది, ఎంపిక లేదన్న సంగతీ అందులో ఉంది. కానీ వారం తిరిగేసరికి ‘ఎంచకుండా’ ఎస్మోలాల్‌ను, ‘అన్నీ’ అటెనోలాల్‌ను ఈ గుంపులోకి లాక్కొస్తాయి. లక్షణం చెప్పే మాట, జాబితాలోని ఏ మందు తొలి అక్షరంతోనూ మొదలు కాకూడదు. ‘దొరికినవన్నీ’ అని మారిస్తే చిక్కు తీరుతుంది; ‘దొ’తో మొదలయ్యే మందు ఈ జాబితాలో లేదు. అప్పుడు వాక్యం ‘ప్రొద్దున్నే నానమ్మ టీతో పిండివంటలు, దొరికినవన్నీ’ అవుతుంది. కట్టడం పూర్తయ్యాక ప్రతి మాటనూ ఈ దృష్టితో ఒకసారి చూడటానికి అరనిమిషం చాలు.

కొన్ని వారాల తర్వాత గుండె లయ తప్పినప్పుడు వాడే మందుల లెక్చర్లో సోటలాల్ వస్తుంది. సొంత సూత్రానికి ఉన్న మేలు ఇక్కడ తెలుస్తుంది: దాన్ని విప్పి మళ్లీ కట్టుకోవచ్చు. ‘ప్రొద్దున్నే నానమ్మ టీతో సోలెడు పిండివంటలు, దొరికినవన్నీ’ అంటే సోటలాల్ చేరిపోయింది. వాక్యం పక్కన సంఖ్య కూడా రాసుకోవడం మంచిది. ఇప్పుడు అవి 5, 5, 2. పరీక్ష హాల్లో నాలుగు పేర్లే గుర్తొస్తే, ఇంకొకటి మిగిలి ఉందని ఆ సంఖ్య చెబుతుంది.

తెలుగు అక్షరంలో అచ్చు కూడా కలిసి ఉండటం ఈ పనికి బాగా కలిసొస్తుంది. ఇంగ్లీషులో ప్రొప్రనోలాల్, పిండోలాల్ రెండూ పి అక్షరంతోనే మొదలవుతాయి. తెలుగులో ‘ప్రొ’, ‘పిం’ వేర్వేరు గుర్తులు. నాడోలాల్‌ను ‘నా’, నెబివోలాల్‌ను ‘నె’ విడదీస్తాయి. ఇంగ్లీషు అక్షరాన్నే పట్టుకుంటే ఎన్ అన్న ఒక్క గుర్తు రెండు గుంపుల్లోనూ పడేది. అయినా దీనికీ హద్దు ఉంది. బీటాక్సొలాల్‌ను కూడా చెప్పి ఉంటే ‘బి’, ‘బీ’ కలగాపులగమయ్యేవి. అలాంటప్పుడు ఒక్క అక్షరం చాలదు. ‘బిసతంతు’, ‘బీటలు’ వంటి మాటలతో మందు పేరులోని రెండో అక్షరాన్నీ పట్టుకోవాలి.

సూత్రం పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి తెల్ల కాగితమే పరీక్ష. కట్టుకున్న రోజు సాయంత్రం, మళ్లీ రెండు రోజులకు, ఆపైన వారానికి, నోట్సు చూడకుండా మూడు వాక్యాలు రాసి, ఒక్కో మాట కింద మందు పేరును ఇంగ్లీషులో పూర్తిగా రాయాలి. వాక్యం గడగడా వచ్చి, ‘టీ’ కింద ఏం రాయాలో తోచకపోతే లోపం సూత్రంలో లేదు. టిమోలాల్ పేరే ఇంకా పట్టుబడలేదు. పేరు వచ్చి గుంపు తప్పితే మాత్రం వాక్యంలోనే ఏదో అక్షరం దారి మళ్లిస్తోందన్నమాట, దాన్ని వెతికి మార్చాలి. ఎదురు దిశలోనూ అడగాలి: బిసోప్రోలాల్ ఏ వాక్యంలో ఉంది? బహుళైచ్ఛిక ప్రశ్నలు వచ్చేది ఈ దిశలోనే. వరస మొత్తం మనసులో చదువుకుంటే తప్ప జవాబు రాకపోతే ఆ మందును విడిగా మరికొన్నిసార్లు అడిగి చూసుకోవాలి.

వాక్యంలో పట్టని సంగతులు కొన్ని ఉన్నాయి. సెలెక్టివ్ అన్నది పూర్తి రక్షణ కాదు. మోతాదు పెరిగేకొద్దీ అటెనోలాల్, మెటోప్రోలాల్ కూడా బీటా-2ను అడ్డుకోవడం మొదలుపెడతాయి. టిమోలాల్‌ను గ్లాకోమాకు కంటిచుక్కలుగా వాడినా, రక్తంలో కలిసి ఆస్తమా రోగికి ఇబ్బంది తెచ్చిపెట్టగలదు. ఎస్మోలాల్‌ను నరంలోకి ఇస్తారు, దాని అర్ధాయువు సుమారు 9 నిమిషాలే. వీటిని కూడా అక్షరాలుగా మార్చి వాక్యంలో ఇరికిస్తే, పేర్లు గుర్తుంచుకోవడానికే పుట్టిన వాక్యం ఆ పనికీ చాలకుండా పోతుంది. ఇలాంటివి కారణంతో సహా చదివి, కాగితం మీద మందు పేరు పక్కన ఒక ముక్కగా రాసుకోవాలి. మోతాదుల అంకెలకైతే అక్షర సూత్రం అసలు వాడకూడదు. వార్డులో మందు రాసేటప్పుడు మోతాదును ఆసుపత్రి ఫార్ములరీలోనే చూసుకోవాలి.