ప్రతి అమావాస్యకూ గ్రహణం ఎందుకు పట్టదు?

ఆకాశంలో చంద్రుడు నడిచే దారి సూర్యుడి దారికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది. ఆ రెండు దారులూ కలుసుకునే రెండు చోట్లనే మన పంచాంగంలో రాహువు, కేతువు అంటారు. అమావాస్యనాడు సూర్యుడు వాటి దగ్గర ఉంటేనే సూర్యగ్రహణం. పౌర్ణమినాడు ఉంటే చంద్రగ్రహణం.

2019 డిసెంబరు 26 అమావాస్యనాడు సూర్యుడు కేతువు దగ్గరే ఉన్నాడు. కోయంబత్తూరు, దిండిగల్ వాసులు కంకణ గ్రహణం చూశారు. తర్వాతి అమావాస్య 2020 జనవరి 24. అప్పటికి సూర్యుడు కేతువును దాటి దాదాపు 27 డిగ్రీలు ముందుకు వెళ్లాడు. అందుకే చంద్రుడు సూర్యబింబాన్ని తాకకుండా, రెండు డిగ్రీలకు పైగా దక్షిణంగా సాగిపోయాడు. సూర్యబింబం వెడల్పు అర డిగ్రీయే కాబట్టి గ్రహణం పట్టలేదు.

సూర్యుడు రాహువు దగ్గరికి చేరడానికి దాదాపు ఆరు నెలలు పట్టింది. మళ్లీ సూర్యగ్రహణం 2020 జూన్ 21న వచ్చింది.